వాట్సాప్‌లో ‘వ్యూ వన్స్’ ఫోటో: పంపినవారి అదుపు ఎక్కడిదాకా, అందుకున్నవారి చేతిలో మిగిలేదేమిటి

కూకట్‌పల్లిలో అద్దె ఇల్లు కుదుర్చుకున్న మా పిన్ని కూతురు, ఇంటి యజమాని అడిగిన ఆధార్ కార్డు ఫోటోను వాట్సాప్‌లో ‘వ్యూ వన్స్’ పద్ధతిలో పంపింది. ఒక్కసారి చూస్తే మాయమైపోతుంది కనుక తన కార్డు ఎవరి ఫోన్‌లోనూ మిగలదని ఆమె ధీమా. ఆ పెద్దాయన ఇంట్లో కళ్లజోడు పెట్టుకుని ఫోటో తెరిచి, పేరు సరిచూసుకుని మూసేశాడు. కాపీ తీయించుకుందామని జిరాక్స్ షాపుకు వెళ్లేసరికి ఫోటో ఉన్న చోట ‘ఓపెన్డ్’ అన్న మాట తప్ప ఇంకేమీ లేదు. ఆయన ఫోన్ చేసి మళ్లీ పంపమన్నాడు. ఆమె మళ్లీ వ్యూ వన్స్‌లోనే పంపింది. షాపు నంబరుకు ఫార్వర్డ్ చేద్దామంటే ఆ అవకాశమే కనిపించలేదు. చివరికి షాపు కుర్రాడు, “ఫార్వర్డ్ అవ్వట్లేదు అంకుల్, ఫోన్ ఇటివ్వండి” అని ఫోటో తెరిపించి, తన ఫోన్‌తో ఆ తెరను ఫోటో తీసి, దాన్నే ప్రింటు వేసి ఇచ్చాడు. ఒక్కరికే కనిపించాలని పంపిన కార్డు ఆ విధంగా ఆమెకు ముక్కూ మొహం తెలియని మూడో మనిషి గ్యాలరీలో చేరింది.

ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. వ్యూ వన్స్ దేన్ని ఆపుతుందో, దేన్ని ఆపలేదో అందులో ఉన్న ముగ్గురికీ తెలియకపోవడమే జరిగింది. అందువల్ల పంపేవారి చేతిలో ఏ దశలో ఎంత అదుపు ఉంటుందో, అందుకున్నవారు ఏ దశలో ఏమి దాచుకోగలరో ఫోటో నడిచే క్రమంలోనే చూద్దాం. ఈ సౌకర్యం వేరే యాప్‌లలోనూ వేర్వేరు పేర్లతో ఉంది, కానీ ఇక్కడ చెప్పేదంతా వాట్సాప్ గురించే.

ముందుగా, లోపల జరిగేది

వాట్సాప్ ఈ సౌకర్యాన్ని 2021 ఆగస్టులో ఫోటోలకు, వీడియోలకు ప్రవేశపెట్టింది. 2023 డిసెంబరులో వాయిస్ మెసేజ్‌లకూ విస్తరించింది. మీరు ఫోటో పంపినప్పుడు అది మీ ఫోన్‌లోనే తాళం పడి, సర్వర్ మీదుగా ప్రయాణించి, అవతలివారి ఫోన్‌లో తెరుచుకుంటుంది. దారిలో ఉన్నవారెవరూ దాన్ని చూడలేరు. మామూలు ఫోటోకూ వ్యూ వన్స్ ఫోటోకూ ఈ విషయంలో తేడా లేదు. తేడా అంతా ఫోటోతో పాటు వెళ్లే ఒక చిన్న గుర్తులో ఉంది. ‘దీన్ని ఒక్కసారే చూపించు, గ్యాలరీలో దాచకు, ఫార్వర్డ్ చేయనివ్వకు, మూయగానే తీసేయి’ అని ఆ గుర్తు అవతలి ఫోన్‌లోని యాప్‌ను ఆదేశిస్తుంది.

ఆదేశం మీదే, కానీ దాన్ని పాటించవలసింది అవతలివారి ఫోన్‌లో ఉన్న యాప్. అసలైన వాట్సాప్ దాన్ని పాటిస్తుంది. పాటించని యాప్ అక్కడ ఉంటే ఏమవుతుందన్నది 2024 సెప్టెంబరులో అందరికీ తెలిసింది. జెంగో అనే సంస్థకు చెందిన భద్రతా పరిశోధకులు, వ్యూ వన్స్ ఫోటోలు అందుకున్నవారి ఖాతాకు జతపడిన కంప్యూటర్లకు కూడా చేరుతున్నాయనీ, వాటిని చూపించవద్దన్న గుర్తు ఒక్కటే అక్కడ అడ్డుగా ఉందనీ, బ్రౌజర్‌లో ఆ గుర్తును పక్కకు తప్పిస్తే ఫోటో మామూలు ఫోటోలాగే దిగిపోతోందనీ బయటపెట్టారు. వాట్సాప్ ఆ తర్వాత ఆ దారిని మూసింది. 2025 జనవరిలో ఐఫోన్‌లో మరో లోపం బయటపడింది. చూసేసిన ఫోటో స్టోరేజీ సెట్టింగుల్లోని జాబితాలో మళ్లీ తెరుచుకునేది. దాన్నీ సరిచేశారు. వాట్సాప్‌ను ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేసుకోవాలని అందుకే చెబుతారు, కానీ ఇక్కడ తెలుసుకోవలసిన సంగతి ఇంకొకటి ఉంది: మీ భద్రత ఆధారపడేది మీ ఫోన్‌లోని అప్‌డేట్ మీద కాదు, అవతలివారి ఫోన్‌లోని అప్‌డేట్ మీద.

మొదటి దశ: పంపే ముందు

అసలు అదుపంతా ఈ దశలోనే ఉంది. చాట్‌లో ఫోటోను ఎంచుకున్నాక, కింద వ్యాఖ్య రాసే పట్టీ చివర వలయంలో ‘1’ అంకె కనిపిస్తుంది. దాన్ని నొక్కితే రంగు మారి, ఫోటో వ్యూ వన్స్‌గా వెళ్తుందని తెరపై క్షణకాలం సూచన వస్తుంది. ఆ సూచన చూశాకే పంపండి. ఇది ఒకసారి పెట్టుకుంటే నిలిచిపోయే సెట్టింగ్ కాదు, ప్రతి ఫోటోకూ విడిగా నొక్కాలి. పొరపాట్లలో ఎక్కువ భాగం ఇక్కడే జరుగుతాయి: మొదటి ఫోటోకు నొక్కినవారు హడావిడిలో రెండోదాన్ని మామూలుగా పంపేస్తారు. పంపిన తర్వాత మీ చాట్‌లో ఫోటో బొమ్మ కనిపిస్తూ ఉందంటే అది మామూలు ఫోటోగా వెళ్లిందని అర్థం. వ్యూ వన్స్‌గా వెళ్లినది మీకు కూడా మళ్లీ తెరుచుకోదు. ‘ఫోటో’ అన్న మాట, దాని పక్కన ఆ ‘1’ గుర్తు మాత్రమే కనిపిస్తాయి.

పీడీఎఫ్ వంటి డాక్యుమెంట్లకు ఈ సౌకర్యం వర్తించదు. ఫోటోనే డాక్యుమెంట్‌గా జతచేసి పంపినా అంతే, ఆ ‘1’ అక్కడ ఉండదు. ఇరవై నాలుగు గంటలకో, 7 రోజులకో, 90 రోజులకో చెరిగిపోయే ‘డిసప్పియరింగ్ మెసేజెస్’ అన్నది పూర్తిగా వేరే ఏర్పాటు. అందులో గడువు ముగిసేలోపు ఎన్నిసార్లయినా చూడవచ్చు, ఫార్వర్డ్ చేయవచ్చు, ఫోన్‌లో దాచుకోవచ్చు. ఈ రెంటినీ ఒకటే అనుకునేవారు మా కుటుంబంలోనే ముగ్గురున్నారు.

ఇక ఫోటో ఎక్కడి నుంచి తీసుకుంటున్నారన్నది చూసుకోవాలి. గ్యాలరీ నుంచి ఎంచుకుంటే, అవతలివారి దగ్గర మాయమైన ఆ ఫోటో మీ గ్యాలరీలో అలాగే ఉంటుంది, బ్యాకప్ పెట్టుకుని ఉంటే గూగుల్ ఫోటోస్‌లోనూ ఉంటుంది. ఫోన్‌ను బాగుచేయడానికి ఇచ్చినప్పుడో, పిల్లల చేతికి ఇచ్చినప్పుడో బయటపడేది ఈ ప్రతే. దాన్ని తీసేయదలిస్తే గ్యాలరీలో తీసేయడంతో పని పూర్తికాదు. బ్యాకప్ అయిన ఫోటో గూగుల్ ఫోటోస్ చెత్తబుట్టలో 60 రోజులు ఉంటుంది, ఐఫోన్‌లో తీసేసిన ఫోటోలు విడి ఆల్బమ్‌లో 30 రోజుల దాకా ఉంటాయి. అక్కడి నుంచీ తొలగించాలి. వాట్సాప్ కెమెరాతోనే నేరుగా తీసి పంపినా, పంపిన తర్వాత ఒకసారి గ్యాలరీ తెరిచి అక్కడ ప్రతి మిగిలిందేమో చూసుకోవడం మంచిది.

ఫోటో లోపల ఏముందో చూడడం కూడా ఈ దశలోనే జరగాలి. అవతలివారికి అవసరం లేని భాగాన్ని కత్తిరించండి. పత్రమైతే దాని మీదుగా, ముఖ్యమైన అక్షరాలను తాకేలా, ఎవరికి, ఎందుకు, ఏ తేదీన ఇస్తున్నారో ఫోటో ఎడిటర్‌లో రాయండి. అంచున రాస్తే కత్తిరించేయవచ్చు, మధ్యలో రాస్తే కష్టం. వ్యక్తిగతమైన ఫోటో అయితే ముఖం, వెనక గోడ మీది ఫ్రేములు, కిటికీలోంచి కనిపించే భవనం వంటివి లేకుండా చూసుకోండి. వ్యూ వన్స్ విఫలమైనా ఈ జాగ్రత్తలు ఫోటోతోనే ఉంటాయి. నా దృష్టిలో ఆ ‘1’ అంకె కంటే వీటి విలువే ఎక్కువ.

రెండో దశ: పంపాక, తెరవక ముందు

వ్యూ వన్స్ ఫోటోను అందుకున్నవారు 14 రోజుల లోపు తెరవకపోతే అది చాట్‌లో కాలం చెల్లిపోతుంది. ఈలోపు మీ మనసు మారితే ‘డిలీట్ ఫర్ ఎవ్రీవన్’ ద్వారా వెనక్కి తీసుకోవచ్చు. కానీ ఆ అవకాశం ఉండేది పంపిన తర్వాత రెండు రోజులకు కొంచెం పైచిలుకు మాత్రమే. ఈ రెండు గడువుల మధ్య ఉన్న ఖాళీని చాలామంది గమనించరు. ఆ రెండు రోజుల పైచిలుకు గడువు దాటినప్పటి నుంచి పద్నాలుగో రోజు దాకా ఆ ఫోటోను అందరి దగ్గరా తీసేసే అధికారం మీకు ఉండదు, తెరిచే అవకాశం మాత్రం అవతలివారికి ఉంటుంది. ఆ మధ్యలో మీరు ఆ నంబరును బ్లాక్ చేసినా, అప్పటికే చేరిన ఫోటో వెనక్కి రాదు.

అందుకని సున్నితమైన ఫోటో పంపితే, రెండు రోజుల్లోపు అది తెరుచుకుందో లేదో చూసుకుని, తెరవకపోతే వెనక్కి తీసుకుని, అవసరమైతే మళ్లీ పంపడం తేలికైన పద్ధతి. అయితే తెరిచారో లేదో ఎప్పుడూ తెలియదు. అవతలివారు ‘రీడ్ రిసీట్స్’ అంటే నీలం టిక్కులను ఆపేసి ఉంటే, వారు ఫోటో తెరిచిన సంగతి కూడా మీకు కనిపించదు. మీ చాట్‌లో ‘ఓపెన్డ్’ అని వస్తే తెరిచారని నమ్మవచ్చు. రాకపోతే తెరవలేదని మాత్రం అనుకోకూడదు.

ఈ దశలో ఇంకో విషయం ఉంది. అందుకున్నవారు తమ చాట్‌లను గూగుల్ డ్రైవ్‌కో ఐక్లౌడ్‌కో బ్యాకప్ చేస్తుంటే, ఆ సమయానికి తెరవని వ్యూ వన్స్ ఫోటో కూడా ఆ బ్యాకప్‌లో చేరుతుంది, దాని నుంచి తిరిగి రప్పించుకునే వీలుంటుంది. అప్పటికే తెరిచేసి ఉంటే చేరదు. చాలా ఫోన్లలో బ్యాకప్ రాత్రిపూట దానంతటదే జరిగిపోతుంది కనుక, సాయంత్రం పంపి మర్నాడు తెరిచే ఫోటోకు ఇది వర్తించవచ్చు. ‘మీరు చూడబోయేటప్పుడు చెప్పండి, అప్పుడే పంపుతాను’ అనడం కొంచెం మొరటుగా అనిపించినా, తెరవకుండా ఉండే వ్యవధిని తగ్గించే మార్గం అదొక్కటే.

గ్రూపులో పంపడం గురించి ఒక్క మాట చాలు: ‘ఒక్కసారి’ అన్నది ఒక్కొక్కరికీ విడివిడిగా ఒక్కసారి. నలభై మంది ఉన్న గ్రూపులో అది నలభై సార్లు.

మూడో దశ: ఫోటో తెరిచి ఉన్నప్పుడు

ఒక్కసారి అంటే కొద్దిసేపు అని కాదు. వాట్సాప్ వ్యూ వన్స్‌కు గడియారం లేదు. అందుకున్నవారు మూసేదాకా ఫోటో తెర మీదే ఉంటుంది, అది పది సెకన్లు కావచ్చు, పది నిమిషాలు కావచ్చు. పక్కవారిని పిలిచి చూపించడానికీ, కార్డు మీది పన్నెండంకెలు కాగితం మీద రాసుకోవడానికీ అంత సమయం సరిపోతుంది.

స్క్రీన్‌షాట్‌ను మాత్రం అసలైన యాప్ అడ్డుకుంటుంది. మొదట్లో ఈ అడ్డు లేదు. 2022లో చేర్చారు. ఆండ్రాయిడ్‌లో ఒక యాప్ తన తెరను రక్షితమని ప్రకటిస్తే, ఫోన్ ఆ తెరను స్క్రీన్‌షాట్‌లోకి గానీ రికార్డింగులోకి గానీ రానివ్వదు. బ్యాంకు యాప్‌లలో చూసే ఏర్పాటే ఇది. ఐఫోన్‌లోనూ పట్టుకున్న బొమ్మలో ఫోటో రాదు. అయితే అవతలివారు స్క్రీన్‌షాట్ తీయడానికి ప్రయత్నించారని వాట్సాప్ మీకు కబురు పంపదు. స్నాప్‌చాట్‌కు అలవాటుపడినవారు ఇక్కడ కూడా హెచ్చరిక వస్తుందని ఎదురుచూస్తారు. అది రాలేదు కనుక ఎవరూ ఏమీ చేయలేదనుకోవడం పొరపాటు.

ఈ అడ్డు పనిచేయని సందర్భాలు రెండు. మొదటిది జిరాక్స్ షాపులో జరిగినదే: రెండో ఫోన్‌తో తెరను ఫోటో తీయడం. దీన్ని ఏ యాప్ కూడా ఆపలేదు, గుర్తించలేదు. తెర మీది గీతలు, వెలుతురు మరకలు పడి నాణ్యత కొంత తగ్గుతుందేమో గానీ, కార్డు మీది నంబరు చదవడానికీ, మనిషిని గుర్తుపట్టడానికీ అది చాలు. వాయిస్ మెసేజ్‌కైతే రెండో ఫోన్‌లో రికార్డర్ నొక్కి పక్కన పెడితే సరి. రెండోది, జీబీ వాట్సాప్ వంటి అనధికార యాప్‌లు. ఇవి వాట్సాప్‌ను మార్చి తయారుచేసినవి. ఒక్కసారి చూపించి తీసేయమన్న గుర్తును పట్టించుకోకుండా ఫోటోను దాచుకోగలగడం వీటి ఆకర్షణల్లో ఒకటి. వీటిని వాడేవారి ఖాతాలను వాట్సాప్ నిషేధిస్తుంటుంది, అయినా వాడేవారున్నారు. అవతలివారి దగ్గర ఉన్నది ఏ యాపో మీ చాట్‌లో చూసి చెప్పగలిగే నమ్మకమైన గుర్తు ఏదీ లేదు.

జతపడిన కంప్యూటర్లలో, అంటే వాట్సాప్ వెబ్‌లో, వ్యూ వన్స్ ఫోటో తెరుచుకోదు. ఫోన్‌లో తెరవమన్న సూచన మాత్రమే కనిపిస్తుంది. ఆఫీసు కంప్యూటర్‌లో వాట్సాప్ తెరిచి ఉంచుకునేవారికి పంపేటప్పుడు ఇది నిజంగా ఉపకరిస్తుంది.

నాలుగో దశ: మూసిన తర్వాత

ఈ దశలో పంపినవారి చేతిలో ఏమీ లేదు. ‘ఓపెన్డ్’ అని కనిపించాక డిలీట్ ఫర్ ఎవ్రీవన్ నొక్కితే ఆ వరుస చెరుగుతుందే గానీ, చూసింది చూసినట్టే. అందుకున్నవారి వాట్సాప్‌లో ఫోటో ఉండదు, ఫార్వర్డ్ చేయడానికీ స్టార్ పెట్టుకోవడానికీ వీలుండదు, ఆ తర్వాతి బ్యాకప్‌లో చేరదు. తాళం పడి ఉన్న ఫోటో కాపీ వాట్సాప్ సర్వర్లలో కొన్ని వారాలు ఉండే అవకాశం ఉందని ఆ సంస్థే చెబుతోంది. తాళంచెవి వారి దగ్గర ఉండదు కనుక దాని గురించి బెంగ అక్కర్లేదు. దానికి ఒక మినహాయింపు ఉంది: అందుకున్నవారు ఆ ఫోటోపై ఫిర్యాదు చేస్తే, అంటే రిపోర్ట్ నొక్కితే, ఫోటో వాట్సాప్‌కు చేరుతుంది.

ఇంట్లోనే చేసుకోగలిగిన పరీక్ష

మాట నమ్మడం కంటే కళ్లతో చూడడం మేలు కనుక ఇంట్లో ఉన్న రెండు ఫోన్లతో ఒక సాయంత్రం ఇది చేసి చూడండి. నేను మా అమ్మ ఫోన్‌తో చేశాను. ఇబ్బంది లేని ఫోటో, ఉదాహరణకు కరెంటు బిల్లు, ఒకదాన్ని వ్యూ వన్స్‌లో రెండో ఫోన్‌కు పంపండి. అక్కడ తెరిచి స్క్రీన్‌షాట్ తీయబోండి. కుదరదనో, నల్లటి బొమ్మనో చూస్తారు. ఇప్పుడు అదే తెరను మీ ఫోన్ కెమెరాతో తీసి, వినియోగదారు నంబరు చదవగలుగుతున్నారేమో చూడండి. ఆ తర్వాత రెండో ఫోన్ సెట్టింగుల్లో ప్రైవసీకి వెళ్లి రీడ్ రిసీట్స్ ఆపి, మరో బిల్లు పంపి, తెరిచి, మీ చాట్‌లో ‘ఓపెన్డ్’ వస్తుందో లేదో గమనించండి. మూడో బిల్లును పంపి, తెరవకుండా ఉంచి, మీ ఫోన్ నుంచి డిలీట్ ఫర్ ఎవ్రీవన్ చేయండి. అవతల ఆ మెసేజ్ తొలగించబడిందన్న వాక్యం మిగులుతుంది, అంటే మీరేదో పంపి వెనక్కి తీసుకున్నారన్న సంగతి దాగదు. మా అమ్మ మొత్తం చూసి, “అయితే ఫోటో తీసుకోవచ్చుగా, ఇంకెందుకిది?” అంది. ఆ ప్రశ్నకు నా దగ్గరున్న సమాధానం ఇది: దాచుకోవాలన్న ఉద్దేశం లేని మనిషి ఫోన్‌లో కూడా ఫోటోలు వాటంతటవే పోగుపడతాయి, గ్యాలరీలో, బ్యాకప్‌లో, టీవీకి జతచేసిన ఆల్బమ్‌లో. ఆ పోగుపడడాన్ని వ్యూ వన్స్ ఆపుతుంది. దాచుకోవాలనుకున్న మనిషిని ఆపదు.

అందుకున్నది మీరైతే

అడగకుండానే అసభ్యమైన ఫోటోలు పంపేవారు, బెదిరించేవారు ఈ సౌకర్యాన్ని ఆధారం మిగలదన్న ధైర్యంతో వాడుకుంటారు. తెలియని నంబరు నుంచి ‘1’ గుర్తుతో ఫోటో వస్తే తొందరపడి తెరవకండి. తెరవడానికి ముందే ఆ చాట్‌ను, నంబరు, తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసుకోండి. చాట్ తెరకు ఆ అడ్డు లేదు. తెరవక తప్పదనుకుంటే ఇంకొకరి ఫోన్‌ను దగ్గర పెట్టుకుని, చాట్ దగ్గర మొదలుపెట్టి, ఫోటో తెరవడం, మూయడం అంతా ఒకే వీడియోలో వచ్చేలా తీయండి. ఏ నంబరు నుంచి ఏమి వచ్చిందో ముక్కలు కాకుండా కనిపిస్తుంది. ఆ తర్వాత మెసేజ్‌ను వాట్సాప్‌కు రిపోర్ట్ చేసి, అప్పుడు బ్లాక్ చేయండి. చాట్‌ను మాత్రం తుడిచివేయకండి. ఫోటోలో ఉన్నది పిల్లలని అనిపిస్తే ఏ విధంగానూ ప్రతి తీయవద్దు, ఎవరికీ చూపించవద్దు. అటువంటిది దగ్గర ఉంచుకోవడమే చట్టరీత్యా నేరం. నంబరు, సమయం వివరాలతో నేరుగా ఫిర్యాదు చేయండి.

ఫిర్యాదును cybercrime.gov.in లో మహిళలు, పిల్లలకు సంబంధించిన విభాగంలో ఇవ్వవచ్చు, 1930 నంబరుకు ఫోన్ చేయవచ్చు, దగ్గరి పోలీసు స్టేషన్‌కు వెళ్లవచ్చు. తెలంగాణలో షీ టీమ్స్‌ను కూడా సంప్రదించవచ్చు.

మీరు పంపినది బయటికి వస్తే

‘నువ్వే పంపావు కదా’ అన్న మాటకు చట్టంలో సమాధానం ఉంది. భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ ప్రకారం, ఒక మహిళ తన ఏకాంత చర్యకు సంబంధించిన చిత్రం తీయడానికి అంగీకరించినా, దాన్ని ఇతరులకు పంచడానికి అంగీకరించకపోతే, పంచడం నేరమే. ఐటీ చట్టం 66ఈ సెక్షన్ స్త్రీ పురుషులిద్దరికీ వర్తిస్తుంది. అనుమతి లేకుండా ఒకరి శరీరపు ఏకాంత భాగాల చిత్రాన్ని తీసినా, ప్రచురించినా, పంపినా మూడేళ్ల దాకా జైలు, లేదా రెండు లక్షల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

ఇక్కడ వ్యూ వన్స్ తెచ్చే ఒక చిక్కును ముందుగా తెలుసుకోవాలి. StopNCII.org అనే సేవ 18 ఏళ్లు దాటినవారి అంతరంగిక చిత్రాలు ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ వంటి చోట్ల వ్యాపించకుండా అడ్డుకోవడానికి తోడ్పడుతుంది. మీరు ఫోటోను వారికి పంపనక్కర్లేదు. మీ ఫోన్‌లోనే ఆ ఫోటో నుంచి వేలిముద్ర వంటి ఒక సంకేతం తయారై, అది మాత్రమే వారికి చేరుతుంది. కానీ ఆ సంకేతం తయారుకావాలంటే ఫోటో మీ దగ్గర ఉండాలి. పంపినవెంటనే మీ ప్రతిని పూర్తిగా చెరిపేసి ఉంటే, బయటపడిన ప్రతి ఎక్కడైనా దొరికేదాకా ఆ దారి మూసుకున్నట్టే. అందువల్ల బెదిరింపు మొదలైందనిపిస్తే, మీ దగ్గర మిగిలి ఉన్న ప్రతిని భయంతో చెరిపేయకండి. చెత్తబుట్టలో గడువు మిగిలి ఉంటే తిరిగి తెచ్చుకోండి. బెదిరించేవారి మెసేజ్‌లను కూడా అలాగే ఉంచండి.

ఇంతకీ ఆ ఆధార్ కార్డు ఎలా పంపవలసింది?

అందుకున్నవారు ప్రింటు తీసుకోవలసిన పత్రానికి వ్యూ వన్స్ తగదు. ప్రతి తీసుకోవడమే వారి అవసరమైనప్పుడు, ప్రతి తీసుకోనివ్వని పద్ధతిలో పంపితే వారు వేరే దారి వెతుక్కుంటారు, ఆ దారి మన చేతిలో ఉండదు. మా చెల్లెలు మలిసారి ఇల్లు మారినప్పుడు ఉడాయ్ సంస్థ మై ఆధార్ వెబ్‌సైటు myaadhaar.uidai.gov.in లోకి ఓటీపీతో వెళ్లి, మాస్క్‌డ్ ఆధార్‌ను దించుకుంది. అందులో పన్నెండంకెల్లో చివరి నాలుగే కనిపిస్తాయి. ఆ పీడీఎఫ్‌కు సంకేతపదం ఉంటుంది: పేరులోని మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు పెద్దబడిలో, వాటి వెంట పుట్టిన సంవత్సరం. పేరు LAKSHMI, పుట్టినది 1998 అయితే `LAKS1998` అన్నమాట. దాన్ని తెరిచి, తనే ప్రింటు తీసి, కార్డు మధ్యగా ‘ఇంటి అద్దె ఒప్పందం కోసం మాత్రమే’ అని తేదీతో రాసి, సంతకం పెట్టి, కాగితాన్నే యజమాని చేతికి ఇచ్చింది. వేరే ఊళ్లో ఉన్న యజమాని అయితే అదే కాగితాన్ని ఫోటో తీసి మామూలుగానే పంపవచ్చు. అది ఏ షాపు కంప్యూటర్‌లో మిగిలిపోయినా అందులో పూర్తి నంబరు లేదు, మీద ఏ పనికోసమో రాసి ఉంది.

మొదటి ఇంటి ఫోటో సంగతికి వస్తే, ఆమె ఆ జిరాక్స్ షాపుకు వెళ్లి అడిగింది. కుర్రాడు తన గ్యాలరీ పైకి జరుపుతూ పోతే ఆ నెలలోనే అటువంటి తెరల ఫోటోలు ఎన్నో కనిపించాయి. ఆమెది తీసేశాడు, చెత్తబుట్టలోంచి కూడా.